రిపేర్ల లెక్క నుంచి రెజ్యూమె దాకా: ఒక మిల్లు టెక్నీషియన్‌తో చేసిన పని డైరీ

చేతిలో ఉన్నది ఇది. సత్తిబాబు మండపేట దగ్గర ఒక రైస్ మిల్లులో 2008 నుంచి మెయింటెనెన్స్ చూస్తున్నాడు. టెన్త్ పాసయ్యాడు, ఐటీఐ లేదు. రాత్రిపూట మా సెంటర్‌లో ఓపెన్ స్కూల్ ఇంటర్ క్లాసులకు వస్తున్నాడు. నేను పగలు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను, రాత్రి ఇక్కడ. భీమవరం వైపు ఒక రొయ్యల మేత ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ టెక్నీషియన్ పోస్టు పడింది. "ఐటీఐ లేదా సమానమైన అనుభవం" అన్నారు. ఆ రెండో మాట మీదే ఈ పనంతా నడిచింది. కాగితం లేకపోయినా పని వచ్చినవాళ్లు మన డెల్టాలో ప్రతి మిల్లులోనూ, ప్రతి ఐస్ ఫ్యాక్టరీలోనూ ఉన్నారు. వాళ్లలో ఎవరికైనా, వాళ్లకు రాసిపెట్టే వాళ్లకైనా పనికొస్తుందని దశలవారీగా పెడుతున్నాను.

## దశ 1: పనులు పోగుచేయడం

సత్తిబాబు మొదట తెచ్చిన రెజ్యూమె వాళ్ల మేనల్లుడు ఫోన్లో ఏదో నమూనా చూసి నింపింది. అందులో అనుభవం కింద ఉన్నది ఒక్కటే వాక్యం: "అన్ని రకాల ఎలక్ట్రికల్, మెకానికల్ మెయింటెనెన్స్ పనులు." కింద కష్టపడే స్వభావం, టీమ్‌వర్క్, క్రికెట్. పదహారేళ్ల పనికి అది చాలదు. ఆ వాక్యం నిన్న చేరిన హెల్పర్ కూడా రాసుకోవచ్చు.

"నువ్వు ఏమేం చేస్తావో చెప్పు" అని అడిగితే లాభం లేకపోయింది. "ఏముందండి మాస్టారూ, ఏది ఆగితే అది చూస్తామండి" అన్నాడు. ఏ టెక్నీషియన్ని అడిగినా అదే జవాబు వస్తుంది, ఎందుకంటే అది నిజం. ఏళ్ల వరసన అడిగినా కుదరలేదు. 2012లో ఏం చేశావంటే ఎవరికి గుర్తుంటుంది?

కుదిరింది యంత్రాల వరస. ధాన్యం మిల్లులోకి దిగిన దగ్గర్నుంచి బియ్యం బస్తా కాటా మీదకు ఎక్కేదాకా మాటల్లోనే నడుచుకుంటూ వెళ్లాం. ధాన్యం గుంత, క్లీనర్, ఎలివేటర్, రాళ్లు తీసే డీస్టోనర్, రబ్బరు రోల్స్ ఉండే షెల్లర్, ఊక లాగే బ్లోయర్, సెపరేటర్, పాలిష్, నూక వేరుచేసే గ్రేడర్, రంగు బియ్యం ఏరే సార్టెక్స్. ప్రతి యంత్రం దగ్గరా ఆగి ఒకే ప్రశ్న అడిగాను: "ఇక్కడ నిన్ను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించిన రిపేరు ఏది?" అప్పుడు మాట వచ్చింది. సెపరేటర్ దగ్గరికి వచ్చేసరికి నేను రాయలేకపోయాను, ఫోన్లో రికార్డు పెట్టాల్సి వచ్చింది.

తేదీలు ఇంకో చిక్కు. "చాలా ఏళ్ల కిందండి" అంటే రెజ్యూమెలో ఏం రాస్తాం? దానికి మన ఊళ్లలో అందరికీ గుర్తుండే సంగతులను మేకుల్లా కొట్టుకున్నాం:

1. 2015 జూలై, గోదావరి పుష్కరాలు.
2. 2018 డిసెంబరు, పెథాయ్ తుపాను.
3. 2020 మార్చి, లాక్‌డౌన్.
4. 2022 జూలై, గోదావరి వరద.

ప్రతి రిపేరుకీ "పుష్కరాలకు ముందా, తర్వాతా? సార్వా ధాన్యమా, దాళ్వా ధాన్యమా?" అని అడిగాను. ఈ రెండు ప్రశ్నలతో చాలావాటికి సంవత్సరమూ, అటూ ఇటుగా నెలా తేలిపోయాయి. ఉదాహరణకు సెపరేటర్ బేరింగు. "షాపులన్నీ మూసేశారండి, కొత్త బేరింగు దొరకలేదు, ఉన్నదాన్నే డీజిల్లో కడిగి గ్రీజు పెట్టి, చెయ్యి వేసి వేడి చూసుకుంటూ నడిపామండి" అన్నాడు. అది 2020 దాళ్వా కాక ఇంకేమవుతుంది?

లెక్క: పోగైన రిపేర్లు 61. తేదీ తేలినవి 48.

## దశ 2: ఏది నిలబడుతుంది?

గుర్తున్నదంతా రాసేస్తే ఇంటర్వ్యూలో ఇబ్బంది. అవతల కూర్చునేవాడూ మెయింటెనెన్స్ మనిషే అయి ఉంటాడు. రెండో ప్రశ్నకే తేలిపోతుంది. అందుకని ప్రతి రిపేరు పక్కనా ఒక అక్షరం పెట్టాం. కాగితం ఉంటే "కా". అప్పుడు పక్కనున్న మనిషి సాక్ష్యం ఉంటే "మ". గుర్తు ఒక్కటే ఆధారమైతే "గు".

కాగితం ఎక్కడ దొరికిందో చెప్తాను, ఎందుకంటే "మా దగ్గర రికార్డుల్లేవు" అని అందరూ అనుకుంటారు. మిల్లు స్టోరులో బేరింగు, బెల్టు, కాంటాక్టర్ తీసుకున్నప్పుడల్లా చీటీ రాస్తారు. గుమస్తా ఆ చీటీలను తీగకు గుచ్చి ఉంచుతాడు. వైండింగ్ షాపువాడి పుస్తకంలో ఏ మోటారు ఏ రోజు వచ్చిందో ఉంటుంది. సత్తిబాబు ఫోన్లో విప్పిన గేర్‌బాక్సు ఫొటోలు, నేమ్‌ప్లేట్ల ఫొటోలు వందల్లో ఉన్నాయి. ఫొటో వివరాల్లోకి వెళ్తే తీసిన తేదీ కనిపిస్తుంది. అయితే వాట్సాప్‌లో ఒకరి దగ్గర్నుంచి ఒకరికి వెళ్లిన ఫొటోలో అసలు తేదీ ఉండదు, ఫోన్లో దిగిన తేదీ చూపిస్తుంది. అలాంటివాటిని కాగితం కింద లెక్కవేయలేదు.

ఇక్కడ ఒక హద్దు పెట్టుకున్నాం. సత్తిబాబు ఇంకా ఆ మిల్లులోనే పనిచేస్తున్నాడు. యజమాని కాగితాలను ఫొటో తీసి బయటికి తేవడం తప్పు. గుమస్తా గారి ఎదుటే కూర్చుని తన రిపేరు తేదీ, పార్టు పేరు మాత్రం తన నోటుబుక్కులో రాసుకున్నాడు. మిల్లు ఎంత ఆడింది, ఎవరి ధాన్యం, ఎంత ఖర్చు అన్నవి ఎక్కడా ముట్టుకోలేదు. రెజ్యూమెలోకి అవి రావాల్సిన పని కూడా లేదు.

గుర్తు మాత్రమే ఉన్నవాటిని పారేయలేదు. "తెలిసిన యంత్రాలు" అన్న చోట పేర్లుగా వాడుకున్నాం. "ఫలానా పని చేశాను" అన్న వాక్యంగా మాత్రం ఒక్కటీ రానివ్వలేదు.

లెక్క: కాగితం ఉన్నవి 19, మనిషి సాక్ష్యం ఉన్నవి 17, గుర్తు మాత్రమే 25. ముందుకు వెళ్లినవి 36.

## దశ 3: ఒక్క కేసు పూర్తిగా, ఊక బ్లోయర్ మోటారు

36లో ఏది గట్టిదో తెలియాలంటే ఒకదాన్ని చివరిదాకా తవ్వి చూడాలి. మేం తీసుకున్నది ఊక బ్లోయర్. సత్తిబాబు దీన్ని మొదట "బ్లోయర్ మోటారు మార్చాను" అని మూడు మాటల్లో చెప్పేశాడు. వైండింగ్ షాపు పుస్తకంలో అదే మోటారు 2021 సార్వా ధాన్యం ఆడేటప్పుడు డిసెంబరులో, జనవరిలో, ఫిబ్రవరిలో మూడుసార్లు కనిపించింది. ఆ తర్వాత ఇక లేదు. మూడుసార్లు కాలిన మోటారు నాలుగోసారి ఎందుకు కాలలేదు? అసలు పని అక్కడ ఉంది.

మోటారు 15 హెచ్‌పీ, మొదట స్టార్ కనెక్షన్‌లో ఎత్తి తర్వాత డెల్టా కనెక్షన్‌లో నడిపించే స్టార్-డెల్టా స్టార్టర్. నేమ్‌ప్లేటు మీద 21 ఆంప్స్. కాలినప్పుడల్లా అందరూ వైండింగ్ బాగా కట్టలేదని షాపువాణ్ణి తిట్టారు. మూడోసారి వైండింగ్ అయి వచ్చాక సత్తిబాబు లోడ్ మీద నడుస్తుండగా వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్ పెట్టి చూశాడు. మూడు ఫేజులూ 24 దగ్గర్లోనే ఉన్నాయి. ఒక ఫేజు తగ్గి మిగతా రెండూ పెరిగి ఉంటే కాంటాక్టరో, ఫ్యూజో, లైనో అనుమానించాలి. మూడూ సమానంగా ఎక్కువ ఉన్నాయంటే మోటారు మీద బరువే ఎక్కువ.

వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. 24ను 21తో భాగిస్తే 1.14, దాని వర్గం 1.3. అంటే వైండింగులో ఉండాల్సినదానికన్నా దాదాపు మూడోవంతు ఎక్కువ వేడి, పగలూ రాత్రీ. పైగా మోటారు వెనక ఫ్యాను కవరు మీద ఊక దుమ్ము. కాలకేం చేస్తుంది?

మరి కరెంటు ఎక్కువైతే మోటారును ఆపాల్సిన ఓవర్‌లోడ్ రిలే ఎందుకు పడలేదు? ఇది నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. రిలే 21కే పెట్టి ఉంది. నేమ్‌ప్లేటు చూసి పెట్టారు, సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ ఆ స్టార్టరులో రిలే మెయిన్ కాంటాక్టర్ తర్వాత, మోటారు వైండింగ్‌కు వెళ్లే వైర్ల మీద ఉంది. డెల్టాలో నడిచేటప్పుడు ఆ వైర్లలో వెళ్లేది లైను కరెంటు కాదు, ఫేజు కరెంటు. లైను కరెంటును 3 వర్గమూలంతో భాగించాలి, అంటే 0.58తో గుణించాలి.

21 × 0.58 = 12.2
24 × 0.58 = 13.9

రిలేకు కనిపిస్తున్నది 14. దాని సెట్టింగు 21. లైనులో 36 ఆంప్స్ దాటితే తప్ప అది కదలదు. మోటారు కాలిపోతున్నా రిలే దృష్టిలో అంతా బాగానే ఉంది.

ఈ లెక్క నేను క్లాసులో బోర్డు మీద చెబుతాను. సత్తిబాబుకు ఆ సూత్రం తెలియదు. మోటారు వైరుకూ, ప్యానెల్‌కు వచ్చే వైరుకూ టాంగ్ టెస్టర్ మార్చి మార్చి పెట్టి, "ఇక్కడ సగం కన్నా కాస్త ఎక్కువే వస్తోందండి, రిలే ఉన్నది ఈ వైరు మీద కదా" అని పట్టుకున్నాడు. రిలేను 12కు తిప్పాడు. వెంటనే కొద్ది నిమిషాల్లో ట్రిప్ అయింది. మిల్లు ఆగింది, యజమాని కేకలేశాడు. రిలే మళ్లీ పైకి పెట్టేయమన్నారు. సత్తిబాబు పెట్టలేదు. "అది పడ్డమే మంచిదైందండి, బరువు ఎక్కడుందో వెతకనిచ్చారు" అని చెప్పాడు.

బరువు పుల్లీలో దొరికింది. మోటారు పుల్లీ 9 అంగుళాలు. పాత ఇనప సామాన్లలో అదే షాఫ్టుకు సరిపోయే 8 అంగుళాల పుల్లీ పడి ఉంది. ముందు సీజన్లో బియ్యంలో ఊక వస్తోందని, గాలి ఎక్కువ లాగాలని ఎవరో పెద్దది వేయించారు. 8 నుంచి 9 అంటే బ్లోయర్ వేగం ఎనిమిదోవంతు పెరిగింది. బ్లోయర్‌కు కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. 1.125ను మూడుసార్లు గుణిస్తే 1.42. పుల్లీ అంగుళమే పెరిగింది, మోటారు మీద బరువు నలభై శాతం పెరిగింది.

చిన్న పుల్లీ వేస్తే మోటారు బతుకుతుంది, కానీ బియ్యంలో ఊక మళ్లీ వస్తుంది. కాబట్టి గాలి ఎందుకు తగ్గిందో చూడాలి. ఊకలో సిలికా ఉంటుంది, రేకును గీసుకుంటూ పోతుంది. గొట్టం వంపు తిరిగే చోట బయటి వైపు అరిగి చిల్లులు పడ్డాయి. బ్లోయర్ షెల్లర్ దగ్గరి గాలిని లాగకుండా ఆ చిల్లుల్లోంచి వచ్చే గాలిని లాగుతోంది. వంపు మీద రేకు ముక్క వెల్డింగ్ చేయించారు, 8 అంగుళాల పుల్లీ వేశారు. లైను కరెంటు 17కు దిగింది. రిలే 12 దగ్గరే ఉంది, పడలేదు. ఊక వెళ్లిపోతోంది. 2022 దాళ్వాలో కానీ, తర్వాతి సార్వాలో కానీ ఆ మోటారు పేరు వైండింగ్ షాపు పుస్తకంలో లేదు.

"బ్లోయర్ మోటారు మార్చాను" అన్న మూడు మాటల వెనక ఇంత ఉంది. అందుకే మిగతావాటిని కూడా ఇలాగే అడగడం మొదలుపెట్టాం: మొదటిసారి ఎందుకు చెడింది, మళ్లీ ఎందుకు చెడలేదు? రెండో ప్రశ్నకు జవాబు లేని రిపేర్లు పార్టు మార్పిడి మాత్రమే. వాటిని "చేసిన పనులు" నుంచి తీసేశాం.

లెక్క: 36లో రెండు ప్రశ్నలకూ జవాబున్నవి 14.

## దశ 4: వాక్యం రాయడం

మొదటి చిత్తులో మేనల్లుడు రాసిన వాక్యం ఒకటి మిగిలిపోయింది: "బ్రేక్‌డౌన్లు 40 శాతం తగ్గించాను." ఎక్కడిదని అడిగితే నమూనాలో అలాగే ఉందట. అంతకుముందు ఎన్ని గంటలు ఆగేది, ఇప్పుడు ఎన్ని గంటలు ఆగుతోంది అన్న పుస్తకం ఆ మిల్లులో లేదు. లేనిదానికి శాతం ఎలా వస్తుంది? కొట్టేశాం. రెజ్యూమెలో అంకెలు ఉండాలని అందరూ చెబుతారు, నేనూ ఒప్పుకుంటాను. అయితే అది మీటరు మీద చదివిన అంకె కావాలి, లేదా చీటీలో ఉన్న అంకె కావాలి. ఆంప్స్, హెచ్‌పీ, పుల్లీ సైజు, ఎన్నిసార్లు కాలింది, ఎన్ని సీజన్లు నడిచింది. మెయింటెనెన్స్ మనిషి దగ్గర ఇలాంటివి శాతాలకన్నా ఎక్కువ ఉంటాయి, అవతలివాడు కూడా వీటినే నమ్ముతాడు.

ఇంకోటి క్రియాపదం. రెండో చిత్తులో "మోటార్లు రీవైండింగ్ చేశాను" అని రాశాను. సత్తిబాబు చదివి ఆపేశాడు.

"అది నేను చెయ్యనండి. విప్పి, షాపుకు పంపి, వచ్చాక మెగ్గర్ పెట్టి చూసి బిగిస్తానండి. వైండింగ్ కట్టేది షాపాయన."

"వెల్డింగ్?"

"అది కూడా నాది కాదండి. ఎక్కడ రేకు వేయాలో నేను గీసిచ్చానండి."

దీంతో పద్నాలుగు వాక్యాల్లోనూ క్రియలన్నీ మళ్లీ చూశాం. మూడు రకాలు పెట్టుకున్నాం: నేనే చేసింది "చేశాను", దగ్గరుండి చేయించింది "చేయించాను", పక్కన ఉండి అందించింది "సాయం చేశాను". మూడో రకం రెజ్యూమెలోంచి పోయింది. రెండో రకం ఉంది, కానీ ఎవరితో చేయించాడో వాక్యంలోనే తెలిసేలా రాశాం. బాయిలర్ పనుల్లో అతను ఎక్కువగా సాయమే చేశాడు కాబట్టి బాయిలర్ మొత్తం పోయింది. అతనికి కష్టంగానే అనిపించింది. కానీ అది ఉంచితే బాయిలర్ గురించి అడుగుతారు.

వాక్యం కట్టిన వరస ఇది:

1. ఏ యంత్రం, ఎంత సైజు.
2. ఏం జరుగుతోంది, ఎన్నిసార్లు.
3. దేనితో, ఎలా కనిపెట్టాడు.
4. ఏం మార్చాడు.
5. తర్వాత ఏమైంది.

బ్లోయర్ వాక్యం మొదటి చిత్తులో ఇలా ఉంది: "బ్లోయర్ మోటారు సమస్యను విజయవంతంగా పరిష్కరించాను." ఈ దశ చివరికి ఇలా అయింది:

"15 హెచ్‌పీ ఊక బ్లోయర్ మోటారు ఒకే సీజన్లో 3 సార్లు కాలింది. టాంగ్ టెస్టర్‌తో లోడ్ 24 ఆంప్స్ అని, పుల్లీ పెద్దదని, రిలే సెట్టింగు ఎక్కువని కనిపెట్టాను. పుల్లీ 9 నుంచి 8 అంగుళాలకు మార్చి, అరిగిన గొట్టం వంపుకు వెల్డర్‌తో రేకు వేయించి, రిలే 12కు పెట్టాను. లోడ్ 17 ఆంప్స్‌కు దిగింది. తర్వాతి 2 సీజన్లు మోటారు కాలలేదు."

పొడుగ్గా ఉందని మా తోటి టీచరు ఒకరన్నారు. నేను తగ్గించలేదు. అయిదు పొట్టి వాక్యాలకన్నా ఇలాంటిది ఒకటి ఎక్కువ చెబుతుంది. తగ్గించాల్సి వస్తే వేరే పనిని మొత్తంగా తీసేయాలి కానీ ఇందులోని కొలతలను తీయకూడదు.

లెక్క: 14లో వాక్యంగా నిలిచినవి 11.

## దశ 5: ఈ ఉద్యోగానికి తగ్గ వరస

మొదట యంత్రాల వరసలోనే పెట్టాం, అంటే షెల్లర్ రబ్బరు రోల్స్ పైన ఉన్నాయి. సత్తిబాబు చేతికి అన్నిటికన్నా బాగా వచ్చిన పని అది. రెండు రోల్స్‌లో వేగంగా తిరిగేది ముందు అరుగుతుంది కాబట్టి వాటిని ఎప్పుడు అటూ ఇటూ మార్చాలో చప్పుడు విని చెప్పేస్తాడు. కానీ రొయ్యల మేత ఫ్యాక్టరీలో రబ్బరు రోల్స్ ఉండవు. అక్కడ ఉండేవి గ్రైండర్లు, పెల్లెట్ మిల్లులు, ఎలివేటర్లు, దుమ్ము లాగే బ్లోయర్లు, ఇవన్నీ నడిపే మోటార్లు, ప్యానెళ్లు. అందుకని రోల్స్ కిందకు వెళ్లాయి, బ్లోయర్ పైకి వచ్చింది.

రెండో స్థానం పెథాయ్ తుపాను తర్వాతి పనికి ఇచ్చాం. లైన్లు తెగి, బాగుచేసి కరెంటు ఇచ్చాక ఫేజుల వరస మారిపోయింది. అలా వస్తే మోటార్లన్నీ వెనక్కి తిరుగుతాయి. ఎలివేటర్ వెనక్కి తిరిగితే బకెట్లు కింద ఇరుక్కుని బెల్టు తెగుతుంది. బ్లోయరైతే వెనక్కి తిరిగినా ఎంతో కొంత గాలి ఇస్తుంది, అందుకని చూడగానే తెలియదు. సత్తిబాబు ముందు బెల్టు తీసేసిన ఒక్క మోటారును క్షణం పాటు ఆడించి, తిరిగే వైపు చూసి, మెయిన్ దగ్గర రెండు ఫేజులు మార్చాక కానీ మిల్లు ఎత్తలేదు. దీనికి మీటరు కొలతేమీ లేదు, ఆపరేటరు సాక్ష్యం ఉంది. అయినా పైన పెట్టాం. యంత్రం చెడకుండా ఆపిన పని రిపేరుకన్నా తక్కువేం కాదు.

మిగతావి త్వరగా చెప్తాను. ఒకే పేజీ. పైన పేరు, ఫోన్ నంబరు, పోస్టు పేరు. చదువు దగ్గర టెన్త్, "ఓపెన్ స్కూల్ ఇంటర్, చదువుతున్నాను" అని ఉన్నది ఉన్నట్టు. ఇంగ్లీషులోకి మార్చడం అన్నిటికన్నా చివర, వాక్యం గట్టిపడ్డాకే. తెలుగులో గట్టిగా లేని వాక్యం ఇంగ్లీషులో ఇంకా పల్చనవుతుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అక్షరాలు మసకబారాయి, వర్డ్ ఫైలుగా పంపితే అవతలి ఫోన్లో గీతలు చెదిరాయి. పీడీఎఫ్‌గా పంపితే ఎక్కడైనా ఒకేలా తెరుచుకుంది. ఫైలు పేరు కూడా మార్చాం. అంతకుముందు `resume final new 2.pdf` అని ఉంది, ఇప్పుడు `Sattibabu_Maintenance_Technician.pdf`.

లెక్క: పేజీలో పట్టిన పనులు 8, ఎక్కువైనవి 3 పక్కన పెట్టాం. వేరే ఫ్యాక్టరీకైతే అవి వాడుకోవచ్చు.

## దశ 6: నోటితో పరీక్ష

కాగితం మీద బాగున్నది నోట్లో తడబడితే లాభం లేదు. రామచంద్రపురం నుంచి నాకు తెలిసిన ఒక పాత ఎలక్ట్రీషియన్ గారిని పిలిచాను. ఆయనకు రెజ్యూమె ఇచ్చి ఒక్కో వాక్యం మీద ఏం తోస్తే అది అడగమన్నాను. నేను మాట్లాడలేదు.

బ్లోయర్ దగ్గర ఆయన అడిగింది ఒకటే: "రిలే 12 ఏంటయ్యా, ప్లేటు మీద 21 ఉంటే?" సత్తిబాబు నా నోటుబుక్కు లాక్కుని బొమ్మ గీసి చూపించాడు. మెయిన్ కాంటాక్టరు, రిలే, డెల్టాలో మూడు కాయిల్స్. అదే చాలు.

తేలిపోయింది మోటారు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ. "వీఎఫ్‌డీ నిర్వహణ" అని నైపుణ్యాల్లో రాశాం. "ఏ ప్యారామీటర్ మార్చావు?" అంటే సత్తిబాబు దగ్గర జవాబు లేదు. దుమ్ము ఊదడం, ఫ్యాను మార్చడం, తప్పు కోడు చూసి రీసెట్ చేయడం మాత్రమే వచ్చు. అలాగే రాశాం: "వీఎఫ్‌డీ: శుభ్రం చేయడం, కూలింగ్ ఫ్యాను మార్చడం, ఫాల్ట్ కోడు చదవడం. ప్యారామీటర్ సెట్టింగు నేర్చుకోవాలి." ఆఖరి ముక్క ఉంచాలా వద్దా అని వాదించుకున్నాం. ఉంచుదామని సత్తిబాబే పట్టుబట్టాడు, "తర్వాత ఏడవడం కన్నా ముందే చెప్పేద్దామండి" అని.

గేర్‌బాక్సు వాక్యం ఒకటి కూడా పోయింది. ఆయిలు ఎందుకు కారిందన్నదానికి అతను ఇక్కడ ఒక కారణం, నా దగ్గర ఇంకో కారణం చెప్పాడు. ఏది నిజమో అతనికే తేలనప్పుడు అది రెజ్యూమెలో ఉండకూడదు.

లెక్క: పేజీలో పనులు 7. ప్రతిదాని మీదా బొమ్మ గీసి చెప్పగలడు.

## దశ 7: ట్రయల్, ఆ తర్వాత ఒక మార్పు

పిలిచారు. ఇంటర్వ్యూ కన్నా ట్రయల్ ఎక్కువసేపు జరిగింది. ఇంజినీరు గారు రెజ్యూమెలో బ్లోయర్ వాక్యం మీద వేలు పెట్టి, నేరుగా ఒక ప్యానెల్ దగ్గరికి తీసుకెళ్లారట. అక్కడా 15 హెచ్‌పీ మోటారే, 21 ఆంప్సే, స్టార్-డెల్టానే. "నువ్వు 12 అని రాశావు కదా, ఇక్కడ రిలే సెట్ చెయ్యి" అన్నారు.

సత్తిబాబు సప్లయి ఆపించి, టెస్టర్‌తో చూసుకుని, రిలే వైర్లను చేత్తో పట్టుకుని అటూ ఇటూ వెతికాడు. ఆ ప్యానెల్లో రిలే మెయిన్ కాంటాక్టర్ తర్వాత లేదు. కాంటాక్టర్లన్నిటికన్నా ముందు, వచ్చే లైను మీదే ఉంది. అక్కడ మొత్తం లైను కరెంటు వెళ్తుంది. 12కు పెడితే లోడ్ మీద ప్రతిసారీ పడిపోతుంది. 21కి పెట్టి, ఎందుకో చెప్పాడు. 12 అన్న అంకెను బట్టీపట్టి వచ్చినవాడైతే అక్కడ దొరికిపోయేవాడు. ఇంజినీరు గారికి కావలసింది కూడా అదే.

పని ఇచ్చారు. మూడు నెలలు ట్రైనీగా, తర్వాత చూస్తామన్నారు. సార్వా ధాన్యం మొదలయ్యేలోపు మిల్లులో ఇంకొకరికి పని అప్పగించి వెళ్తానని యజమానికి చెప్పుకున్నాడు. తనకు తెలిసినవన్నీ ఆ కుర్రాడికి యంత్రాల వరసలో రాసిస్తున్నాడు, ఆ 61 రిపేర్ల పుస్తకం అందుకు పనికొచ్చింది.

ట్రయల్ నుంచి వచ్చిన రాత్రే రెజ్యూమెలో బ్లోయర్ వాక్యం మార్చాం. "రిలే 12కు పెట్టాను" అన్నచోట ఇప్పుడిలా ఉంది: "రిలే మోటారు ఫేజు వైర్ల మీద ఉన్నట్టు వైరింగ్ వెతికి చూసి, లైను కరెంటులో 0.58 వంతుగా 12కు పెట్టాను." ఈ డైరీ చూసి తమ రిలే తిప్పేవాళ్లు ముందు ఆ వైరు ఎక్కడిదో చూసుకోండి.

చివరి లెక్క: పోగైనవి 61, ఆధారం ఉన్నవి 36, కారణం తెలిసినవి 14, పేజీలో ఉన్నవి 7. వాడకుండా పక్కన పెట్టిన 3 వాక్యాలు నోటుబుక్కులో వెనక పేజీలో ఉన్నాయి. వీఎఫ్‌డీ ప్యారామీటర్లు నేర్చుకున్నాక నైపుణ్యాల్లో ఆ ముక్క మార్చాలి.